శనివారం రాత్రే ఎందుకు పడిపోయారు: వృద్ధుల మందుల డబ్బాలో దొరికే సమాధానం

మల్కాజ్‌గిరిలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే 78 ఏళ్ల స్త్రీ ఒకే నెలలో రెండుసార్లు పడిపోయారు. రెండుసార్లూ రాత్రి రెండు, మూడు గంటల మధ్యనే, మంచం దగ్గర నుంచి బాత్‌రూముకు వెళ్లే ఎనిమిది అడుగుల దారిలోనే పడ్డారు. మొదటిసారి మోచేయి కమిలింది. రెండోసారి నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని నిర్ధారించుకున్నారు. టైల్స్ జారుతున్నాయని కుటుంబం రబ్బరు చాపలు పరిచింది, గోడకు పట్టుకునే కడ్డీ బిగించింది, రాత్రంతా చిన్న దీపం వెలిగేలా చూసింది. ఇవన్నీ చేయవలసిన పనులే. అయితే అవే టైల్స్ మీద ఆమె పదకొండేళ్లుగా నడుస్తున్నారు. నేల మారనప్పుడు మారినది ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఇది ఒక్కరి కథ కాదు. ఇలాంటి ఇళ్లలో తరచుగా కనిపించే వివరాలను కలిపి కూర్చిన ఉదాహరణ. ఇందులోని అంకెలు లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి ఇచ్చినవి. ఔషధాల గురించి, వృద్ధుల శరీరం గురించి చెప్పిన విషయాలు మాత్రం వైద్యశాస్త్రంలో స్థిరపడినవే.

కుట్లు విప్పాక గాయాన్ని చూడడానికి ఇంటికి వచ్చే నర్సు మొదట చేసిన పని, ఇంట్లో ఉన్న మందులన్నింటినీ మంచం మీద పరిపించడం. మందుల చీటీలను చూస్తే సరిపోదు, ఎందుకంటే చీటీలో ఉన్నదానికీ నోట్లో పడేదానికీ తేడా ఉంటుంది. ఫ్రిజ్ మీది డబ్బా, దిండు కింది స్ట్రిప్పు, దేవుడి గూట్లో పెట్టిన పొట్లం, అన్నీ రావాలి. వచ్చినవి పది స్ట్రిప్పులు. బీపీకి ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు, అదే బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర, కాళ్ల వాపుకు సాయంత్రం ఐదింటికి ఫ్యూరోసెమైడ్ 40, షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, గ్యాస్‌కు పాంటోప్రజోల్, కళ్లు తిరగడానికి సిన్నారిజిన్ మూడు పూటలా, నిద్రకు ఆల్ప్రజోలామ్ 0.5, కాల్షియం, గల్లీ చివరి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు గోలీ. కొన్ని మాత్రల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి కాబట్టి పది స్ట్రిప్పుల్లో ఉన్నవి పద్నాలుగు మందులు. ఐదు, అంతకు మించి మందులు రోజూ వాడడాన్ని సాధారణంగా బహుమందుల వాడకంగా లెక్కిస్తారు. కానీ ఇక్కడ సంఖ్య కంటే ముఖ్యమైనది, ఆ మందులు ఒకదాని వెనుక ఒకటి ఏ క్రమంలో ఆ ఇంట్లోకి వచ్చాయన్నది.

తేదీల వారీగా చీటీలను పేర్చితే ఆ క్రమం కనిపించింది. రెండేళ్ల క్రితం ఆమ్లోడిపిన్‌ను 5 నుంచి 10కి పెంచారు. నాలుగు నెలల తరవాత పాదాలు, చీలమండలు వాచాయి. ఆమ్లోడిపిన్ సన్నని ధమనులను వదులు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. అందువల్ల కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు చుట్టుపక్కల కణజాలంలోకి ఊరుతుంది. మోతాదు పెరిగేకొద్దీ ఈ వాపు పెరుగుతుంది. ఇది శరీరంలో ఉప్పు, నీరు నిలిచిపోవడం వల్ల వచ్చే వాపు కాదు కాబట్టి మూత్రం ఎక్కువగా పోయించే మందుతో పెద్దగా తగ్గదు. అయినా వాపు కనబడగానే ఫ్యూరోసెమైడ్ చీటీలోకి వచ్చింది. దానితో రక్తంలో నీరు తగ్గింది, కాళ్ల వాపు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయింది. నీరు తగ్గాక లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగడం మొదలైంది. ఆ ఫిర్యాదుతో మరో డాక్టరు దగ్గరకు వెళ్తే సిన్నారిజిన్ వచ్చింది. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడంతో నిద్ర చెడింది. నిద్ర లేదని చెబితే ఆల్ప్రజోలామ్ వచ్చింది. ప్రతి మందూ దానికి ముందు మందు తెచ్చిన ఇబ్బందికి జవాబుగా వచ్చినదే. ఏ డాక్టరూ నిర్లక్ష్యం చేయలేదు. ఎవరికి వారు తమ ముందున్న ఫిర్యాదుకు తగిన మందే రాశారు. గొలుసు మొత్తాన్ని చూసే స్థానంలో మాత్రం ఎవరూ లేరు. ఇంట్లో కూర్చుని స్ట్రిప్పులు లెక్కపెట్టే నర్సుకు ఆ స్థానం దొరుకుతుంది.

ఇదే పద్నాలుగు మందులు నలభై ఏళ్ల మనిషి వేసుకుంటే ఇన్నిసార్లు పడిపోకపోవచ్చు. అందుకు మొదటి కారణం మూత్రపిండాలు. ఆమె రిపోర్టులో క్రియాటినిన్ 1.0 అని ఉంది, పక్కన నార్మల్ అని ముద్రించి ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే పదార్థం. వయసుతో కండ కరుగుతుంది కాబట్టి పుట్టే క్రియాటినిన్ తగ్గుతుంది. మూత్రపిండాలు వడపోసే శక్తి కూడా తగ్గుతుంది. రెండూ కలిసి తగ్గడం వల్ల రక్తంలో అంకె మాత్రం కదలదు. ఆ అంకె వెనుక ఉన్న అసలు శక్తిని తెలుసుకోవడానికి 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ ప్రతిపాదించిన సూత్రం ఇప్పటికీ మందుల మోతాదు చూసుకోవడానికి పనికివస్తోంది. ఆమె బరువు 46 కిలోలు.

```
CrCl (mL/min) = (140 − age) × weight (kg) ÷ (72 × serum creatinine) × 0.85 [women]
(140 − 78) × 46 ÷ (72 × 1.0) × 0.85 ≈ 34
```

అదే 1.0 క్రియాటినిన్ ఉన్న 30 ఏళ్ల, 60 కిలోల స్త్రీకి ఈ లెక్క 78 వస్తుంది. రిపోర్టులో అంకె ఒకటే, వడపోత శక్తి సగానికంటే తక్కువ. ల్యాబులు ఈమధ్య రిపోర్టు మీదే వడపోత అంచనాను కూడా ముద్రిస్తున్నాయి. అది 1.73 చదరపు మీటర్ల శరీర ఉపరితలం ఉన్న మనిషికి సరిపెట్టిన అంకె కాబట్టి, చిన్న శరీరం ఉన్న వృద్ధులలో ఉన్నదానికంటే మెరుగైన చిత్రాన్ని చూపవచ్చు. అందుకే నర్సు ప్రతి నెలా బరువు తూచి రాయడం కేవలం పోషణ కోసం కాదు, ఈ లెక్క కోసం కూడా.

రెండో మార్పు, నిలబడినప్పుడు రక్తపోటును నిలబెట్టే ఏర్పాటు మందగించడం. మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి జారుతుంది. మెడలోని ధమనుల్లో ఉండే ఒత్తిడి గ్రాహకాలు ఆ తగ్గుదలను వెంటనే పసిగట్టి గుండె వేగాన్ని పెంచుతాయి, రక్తనాళాలను బిగిస్తాయి. వయసుతో ధమనులు గట్టిపడడం వల్ల ఈ గ్రాహకాల స్పందన మొద్దుబారుతుంది. గుండె కూడా నరాల సంకేతానికి పూర్వంలా వేగం పెంచదు. దీర్ఘకాలపు షుగర్ ఈ నరాలను ఇంకా బలహీనపరుస్తుంది. పడుకున్నప్పుడు కొలిచిన బీపీలో ఇదేమీ కనిపించదు.

కాబట్టి నర్సు కొలిచిన పద్ధతి చెప్పుకోవాలి. ఆమెను అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి చూశారు: 142/78, నాడి 72. తరవాత లేచి నిలబడిన ఒక నిమిషానికి 118/70. మూడు నిమిషాలకు 114/68, నాడి 77. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ మూడు నిమిషాలలోపు పడిపోతే దాన్ని నిలబడినప్పుడు బీపీ పడిపోవడంగా గుర్తిస్తారు. ఇక్కడ పై అంకె 28 పడింది, నాడి అయిదు మాత్రమే పెరిగింది. పడిన ఒత్తిడిని పూడ్చవలసిన గుండె దాదాపు కదలలేదన్నమాట. క్లినిక్‌లో కుర్చీలో కూర్చోబెట్టి కొలిచిన అంకె చూసి ఆమె బీపీ కాస్త ఎక్కువగానే ఉందని అనుకుంటూ వచ్చారు. పడిపోయే క్షణంలో ఉన్నది ఆ అంకె కాదు. వీలైతే ఈ కొలత రాత్రి మూత్రానికి లేచినప్పుడు ఒకసారి తీసుకోవడం మరింత మేలు, ఎందుకంటే అప్పటికి మందులన్నీ శరీరంలో ఉంటాయి.

మూడో మార్పు మెదడులో జరుగుతుంది. ఆల్ప్రజోలామ్ శరీరంలో సగానికి తగ్గడానికి పెద్దవాళ్లలో యువకుల కంటే ఎక్కువ సమయం పడుతుంది; సగటున యువకులలో 11 గంటలు, వృద్ధులలో సుమారు 16 గంటలు. కొవ్వులో కరిగే డయజెపామ్ విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది: వయసుతో కండ తగ్గి కొవ్వు శాతం పెరుగుతుంది కాబట్టి మందు కొవ్వులో దాగి నెమ్మదిగా బయటికి వస్తుంది, ఇరవై ఏళ్లప్పుడు 20 గంటల దగ్గర ఉన్న సగం కాలం ఎనభై ఏళ్లకు 90 గంటల దాకా వెళ్తుంది. అంటే రాత్రికొక డయజెపామ్ మాత్ర అనుకున్నది చాలా రోజుల మందు ఒకేసారి ఒంట్లో ఉన్నట్టు అవుతుంది. దీనికి తోడు రక్తంలో ఒకే పరిమాణంలో మందు ఉన్నా వృద్ధుల మెదడు దానికి ఎక్కువగా మత్తెక్కుతుంది, ఒళ్లు ఎక్కువగా తూలుతుంది. జలుబు గోలీలోని క్లోర్‌ఫెనిరమిన్, సిన్నారిజిన్ రెండూ ఆ మత్తుకు తమ వంతు కలుపుతాయి. సిన్నారిజిన్‌కు మరో గుణం ఉంది: ఎక్కువ కాలం వాడితే మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుని పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తేగలదు. ఆమె అడుగులు చిన్నవయ్యాయి, తిరిగేటప్పుడు ఒళ్లంతా ఒకేసారి తిప్పుతున్నారు, ఎడమ చేయి ఊగడం లేదు. వీటిని ఇంట్లో వాళ్లు వయసు మీద పడడమే అనుకున్నారు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవడానికి ఆమెకు 21 సెకన్లు పట్టింది. 12 సెకన్లు దాటితేనే పడిపోయే ప్రమాదం ఉందని భావిస్తారు.

ఇవన్నీ రోజూ ఉన్న సంగతులు. ఆ రెండు రాత్రులే ఎందుకన్నదానికి ఇందులో జవాబు లేదు. నర్సు క్యాలెండర్ అడిగి తీసుకుని ఆ తేదీలు చూశారు. రెండూ శనివారం రాత్రులు. ‘‘ఆ రోజు రాత్రి ఏం తిన్నరమ్మా?’’ అని అడిగితే, ‘‘శనివారం గద బిడ్డా, ఒక్కపొద్దుంట. రెండు అరటిపండ్లు తిన్న’’ అన్నారు. రాత్రి మాత్ర వేసుకున్నారా అంటే, షుగర్ గోలీ మానకూడదని అమెరికాలో ఉన్న కొడుకు గట్టిగా చెప్పాడు కాబట్టి తప్పకుండా వేసుకున్నానని చెప్పారు. ఆ కొడుకు ప్రతి రాత్రీ వీడియో కాల్ చేసి మందు వేసుకున్నారా అని అడుగుతాడు. రాత్రి ఏం తిన్నారని అడగాలన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. కాలేయంలో అది విచ్ఛిన్నమయ్యాక మిగిలే పదార్థాలలో ఒకదానికి షుగర్ తగ్గించే గుణం కొంత ఉంటుంది, అది మూత్రపిండాల ద్వారా పోవాలి. వడపోత 34 దగ్గర ఉన్నప్పుడు అది ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇలా షుగర్‌ను ప్రమాదకరంగా దించడం అరుదు. తరవాతి శనివారం రాత్రి రెండున్నరకు గ్లూకోమీటరుతో చూడమని నర్సు ఇంటి ఆయాకు నేర్పి వెళ్లారు: 58 వచ్చింది. 70 కంటే తక్కువను షుగర్ పడిపోవడంగా లెక్కిస్తారు. ఆమెకు చెమట పట్టలేదు, చేతులు వణకలేదు. వృద్ధులలో ఈ హెచ్చరికలు బలహీనపడి, షుగర్ పడినప్పుడు కనిపించేది తికమక, తూలడం మాత్రమే కావచ్చు. ఆయా వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాల తరవాత మళ్లీ చూసింది. అదే వారం చేయించిన రక్తపరీక్షలో సోడియం 129 ఉంది. 135 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. హైడ్రోక్లోరోథయాజైడ్ వల్ల సోడియం పడిపోవడం బక్కపలచని వృద్ధ స్త్రీలలో తరచుగా చూసేదే; ఈ స్థాయిలో స్పృహ బాగానే ఉన్నా నడక నిలకడ తప్పుతుంది.

మందు మానిపించే అధికారం నర్సుకు లేదు, ఉండనవసరం లేదు. ఆమె చేసింది ఒక పేజీ రాయడం: ఏ మందు ఎప్పుడు ఎందుకు మొదలైంది, దాని తరవాత ఏ కొత్త ఇబ్బంది వచ్చింది, పడుకుని నిలబడి తీసిన బీపీలు, రాత్రి షుగర్, సోడియం, లెక్కగట్టిన వడపోత, పడిపోయిన రోజు, గంట. ఆ పేజీతో కుటుంబం వెళ్లింది ఒక్క ఫిజీషియన్ దగ్గరకే. వృద్ధులకు తగని మందుల జాబితాలు ఉన్నాయి: 1991లో మార్క్ బీర్స్ మొదలుపెట్టిన ప్రమాణాలను అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2023లో సవరించింది, ఐర్లండ్‌లో 2008లో వచ్చిన స్టాప్, స్టార్ట్ ప్రమాణాలు మరొకటి. ఆల్ప్రజోలామ్, గ్లిమెపిరైడ్, క్లోర్‌ఫెనిరమిన్ వంటివి ఇలాంటి హెచ్చరికల కిందికే వస్తాయి. అయితే జాబితా చూసి అన్నీ ఒకేరోజు ఆపితే ఏది ఎందుకు మారిందో తెలియదు, కొన్నింటిని అలా ఆపడమే ప్రమాదం.

అందుకే డాక్టరు మందులను ఒక్కొక్కటిగా మార్చారు. మొదట రాత్రి గ్లిమెపిరైడ్ ఆగింది, వారం తరవాత పొద్దుటిది కూడా ఆగింది, మెట్‌ఫార్మిన్ మిగిలింది. ఈ వయసులో, ఈ బలహీనతతో మూడు నెలల షుగర్ సగటును చూపే హెచ్‌బీఏ1సీ అంకెను 7 శాతం దగ్గర పట్టి ఉంచడం కంటే 8 లోపు ఉంచడం చాలని డాక్టరు నిర్ణయించారు. థయాజైడ్ కలిసిన మాత్ర బదులు ఒట్టి టెల్మిసార్టాన్ వచ్చింది. ఫ్యూరోసెమైడ్‌ను ఆపే ముందు గుండె వైఫల్యం లేదని చూసుకోవలసి వచ్చింది: ఆయాసం లేదు, పడుకుంటే దగ్గు లేదు, మెడ సిర ఉబ్బలేదు, ఎకో పరీక్ష బాగుంది. ఇది చూసుకోకుండా ఆపితే గుండె వైఫల్యం ఉన్న కొందరిలో కొన్ని రోజుల్లోనే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కాబట్టి ఆపాక రెండు వారాల పాటు రోజూ పొద్దున్నే, మూత్రం పోశాక, ఏమీ తినకముందు బరువు తూచారు. రెండు మూడు రోజుల్లో కిలోన్నర, రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోన్ చేయాలన్నది నియమం. ఆమ్లోడిపిన్ 5కి తగ్గింది. మూడు వారాల్లో కాళ్ల వాపు తగ్గడం మొదలైంది. రాత్రి లేవడం కూడా తగ్గింది, ఎందుకంటే పగలంతా కాళ్లలో నిలిచిన నీరు పడుకున్నాక రక్తంలోకి తిరిగొచ్చి మూత్రంగా మారుతుంది; వాపు తగ్గితే ఆ నీరూ తగ్గుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు దాహం సరిగా తెలియని వృద్ధులకు, చలికాలంలో సరిపోయిన ఫ్యూరోసెమైడ్ మోతాదే ఎక్కువైపోతుంది. ఆమె మొదటిసారి పడిపోయింది కూడా మే నెలలోనే.

ఆల్ప్రజోలామ్ మాత్రం హఠాత్తుగా ఆగలేదు. నెలల తరబడి వాడిన ఈ మందును ఒక్కసారిగా మానితే నిద్ర పూర్తిగా పోతుంది, ఆందోళన పెరుగుతుంది, కొందరికి మూర్ఛ కూడా రావచ్చు. రెండు వారాలకు ఒకసారి మోతాదులో సుమారు నాలుగో వంతు చొప్పున తగ్గించారు. 2014 మార్చి నుంచి ఆల్ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు కాబట్టి దుకాణదారు చీటీ చూసి రిజిస్టరులో రాసుకుని అమ్మాలి. ఖాళీ స్ట్రిప్పు చూపించి తెచ్చుకునే అలవాటు ఇళ్లలో ఇంకా ఉంది. తగ్గించే ప్రణాళిక తెలియని మనవడు పాత స్ట్రిప్పు చూపించి మళ్లీ పదిహేను మాత్రలు తెస్తే అది అక్కడితో భగ్నమవుతుంది. అందుకే నర్సు పాత స్ట్రిప్పులను లెక్కపెట్టి తీసేయించారు.

ఈ పద్ధతికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. మందుల సమీక్ష ఒక్కటే చేస్తే పడిపోవడాలు తగ్గుతాయని పరీక్షలన్నీ ఒకే మాటగా తేల్చలేదు. 1999లో న్యూజిలాండ్‌లో 93 మంది వృద్ధులతో జరిగిన అధ్యయనంలో నిద్రమాత్రల వంటి మెదడు మీద పనిచేసే మందులను నెమ్మదిగా మాన్పిస్తే పడిపోవడాలు మూడింట రెండు వంతులు తగ్గాయి. కానీ అధ్యయనం ముగిశాక చాలామంది మళ్లీ ఆ మాత్రలకే తిరిగి వెళ్లారు. మానడం కంటే మానినదాన్ని నిలుపుకోవడం కష్టమని దీనివల్ల అర్థమవుతుంది. కాళ్ల బలం, కంటిచూపు, విటమిన్ లోపం, చెప్పులు, గడప ఎత్తు, ఇవేవీ మందు మార్చినంత మాత్రాన సరికావు.

పన్నెండో వారంలో నర్సు మళ్లీ కొలిచినప్పుడు పడుకుని 146/80, నిలబడిన మూడు నిమిషాలకు 134/76 ఉంది. సోడియం 136కి వచ్చింది. సిన్నారిజిన్ మానాక చేయి ఊపడం కొద్దిగా తిరిగొచ్చింది, అడుగులు మాత్రం ఇంకా చిన్నవే. ఆ ప్రభావం పూర్తిగా పోవడానికి నెలలు పట్టవచ్చు. కుర్చీ పరీక్షకు 16 సెకన్లు పట్టింది. ఆల్ప్రజోలామ్ 0.125 దగ్గర ఆగింది, అంతకంటే తగ్గిస్తే తెల్లవార్లూ మేలుకుంటున్నానని ఆమె చెప్పడంతో మరో నెల అక్కడే ఉంచారు. శనివారం ఒక్కపొద్దు మానలేదు. రాత్రి గ్లిమెపిరైడ్ లేదు కాబట్టి మానవలసిన అవసరమూ రాలేదు. ఆ రాత్రుల్లో ఆయా రెండున్నరకు వేలు గుచ్చి చూసిన అంకెలు, 96, 104, 91, డబ్బా మూతకు అంటించిన కాగితం మీద ఉన్నాయి.